కీలో అక్షరం ఒక్కటే చాలదు

మన హాస్టల్లో శనివారం క్విజ్ అయ్యాక బోర్డు మీద కీ అతికిస్తారు. అందులో 1–బి, 2–సి, 3–ఎ అని మాత్రమే ఉంటుంది. అందరం మార్కులు లెక్కపెట్టుకుని టిఫిన్‌కు పోతాం. తప్పు ఎందుకైందో తెలీదు. మనలో చాలామంది అమ్మానాన్నలు బడికి పోలేదు. సెలవుల్లో ఇంటికి పోయి అడుగుదామన్నా చెప్పేవాళ్ళు ఉండరు. కాబట్టి కీయే చెప్పాలని నా అభిప్రాయం.

ఉద్యోగ పరీక్షలకు ప్రాథమిక కీ ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, తర్వాత తుది కీ ఇస్తారు. అది మార్కులు తేల్చడానికి. మన కీ నేర్చుకోవడానికి.

ఈ ప్రశ్న చూడండి. వీటిలో పెద్దది ఏది? ఎ) 0.4 బి) 0.62 సి) 0.385.

జవాబు బి. సి పెట్టేవాళ్ళు బిందువు వదిలేసి 4, 62, 385 అని చదువుతారు. ఎ పెట్టేవాళ్ళ ఆలోచన వేరే. అంకెలు పెరిగితే ముక్కలు చిన్నవైతాయి కదా, అందుకే ఒక్క అంకె ఉన్నదే పెద్దది అనుకుంటారు. ఇద్దరికీ మార్కు పోతుంది గానీ, ఇద్దరికీ చెప్పాల్సింది ఒకటి కాదు. కీ ఇలా రాయొచ్చు:

"జవాబు బి. నాచారం కూరగాయల కొట్లో ఎలక్ట్రానిక్ కాంటా చూశారా? కిలోల్లో, బిందువు తర్వాత మూడంకెలు చూపిస్తుంది. 0.4 అంటే అక్కడ 0.400, అంటే 400 గ్రాములు. 0.62 అంటే 620 గ్రాములు. 0.385 అంటే 385 గ్రాములు.
సి పెట్టినవారికి: 385 గ్రాములు అరకిలో కూడా కాదు. 620 అరకిలో దాటింది.
ఎ పెట్టినవారికి: ముక్క ఎంతో చూశారు, ఎన్ని ముక్కలో చూడలేదు. 0.4లో పదో వంతులు 4. 0.62లో పదో వంతులే 6, పైన 2 వందో వంతులు.
ఇప్పుడు చేయండి: 0.275, 0.3, 0.51లో పెద్దది ఏది?"

చివరి ప్రశ్న ఆలోచించి పెట్టాలి. 0.7, 0.65, 0.605 ఇచ్చామనుకోండి, ఒక్క అంకె ఉన్నదే పెద్దది అనుకునే అమ్మాయి కూడా 0.7 అని సరిగ్గానే చెప్తుంది. ఆమెకు వచ్చేసిందని మనం మోసపోతాం. 0.275, 0.3, 0.51 అయితే రెండు రకాల తప్పులూ బయటపడతాయి.

ఇరవై ప్రశ్నలకూ ఇంత రాయాలంటే కుదరదు. ముందు పేపర్లు చూసి ఏ ప్రశ్నకు ఎంతమంది ఏ అక్షరం పెట్టారో గీతలు గీసి లెక్కపెట్టాలి. ఎక్కువమంది తప్పిన రెండు మూడు ప్రశ్నలకు రాస్తే చాలు. అతికించే ముందు ఏడో తరగతి చెల్లి ఒకరికి చదవమని ఇవ్వాలి, పక్కన ఎవరూ చెప్పొద్దు. చివరి ప్రశ్నకు 0.51 అంటే కీ బాగున్నట్టు. మళ్ళీ 0.275 అంటే తప్పు చెల్లిది కాదు, మన రాతది. తిరిగి రాయాలి.

వార్డెన్ మేడమ్ గారికి మనవి: వారానికి ఒక చార్టు, ఆదివారం ఒక గంట ఇప్పించండి. రాసే పని తొమ్మిదో తరగతి వాళ్ళం చూసుకుంటాం.