ఒక స్లైడుకు ఒక్క మాటే

వరద సమీక్షలకు స్లైడ్లు తయారుచేసే జలవనరులు, రెవెన్యూ, పంచాయతీ ఉద్యోగ మిత్రులకు విన్నపం.

ధవళేశ్వరం బ్యారేజీ వద్ద 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఈ అంకెలు మనకు కంఠతా వచ్చు. అయినా సమీక్షలో తెర మీద స్లైడు చూసి, నీరు ఏ హెచ్చరికకు ఎంత దూరంలో ఉందో వెతుక్కోవాల్సి వస్తోంది. పైన "వరద పరిస్థితి" అన్న శీర్షిక. కింద భద్రాచలం మట్టం, క్యూసెక్కులు, పునరావాస కేంద్రాలు, పడవలు, మందులు, అన్నీ ఒకే పట్టికలో. వెనక వరసలో కూర్చున్నవారికి అక్షరాలే ఆనవు.

ఈ పట్టికను విడగొట్టాలి. శీర్షికలో విషయం పేరు కాదు, తేలిన విషయమే రాయాలి. ఉదాహరణకు ఉదయం 6 గంటలకు మట్టం 12.1 అడుగులు, మధ్యాహ్నం 2కి 12.9 అనుకుందాం. గంటకు 0.1 అడుగు చొప్పున పెరుగుతోంది, రెండో హెచ్చరికకు ఇంకా 0.85 అడుగు ఉంది. అప్పుడు శీర్షిక: "ఇదే వేగమైతే రాత్రి పదిన్నరకు రెండో హెచ్చరిక". దాని కింద ఒక్క గీత చార్టు చాలు. జరిగినదాన్ని నిండు గీతగా, రాబోయేదాన్ని చుక్కల గీతగా వేయండి. ఎగువన భద్రాచలంలో నీరు తగ్గుముఖం పడితే ఈ అంచనా మారుతుంది, అది చుక్కలే చెబుతాయి. హెచ్చరిక మట్టాలను అడ్డగీతలుగా గీసి, పేర్లు ఆ గీతల పక్కనే రాయండి. రంగుల సూచిక పెట్టెను మూలన పెడితే చూపు అటూ ఇటూ తిరగాలి. పైగా నలుపు తెలుపు ప్రింటులో రంగులన్నీ ఒకటే.

పడవలు, కేంద్రాల సంగతి తర్వాతి స్లైడ్లలో. మండలాలవారీ పూర్తి పట్టికను కాగితం మీద పంచండి.

అడుగులూ క్యూసెక్కులూ ఒకే చార్టులో చెరో అంచున పెట్టి రెండు గీతలు వేయకండి. అవి ఎక్కడ ఖండించుకున్నా దానికి అర్థం లేదు, కొలతలు మారిస్తే ఆ చోటూ మారిపోతుంది. 1986లో వచ్చిన దాదాపు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహాన్ని నేటి చార్టులో కలిపితే నేటి పెరుగుదల చదునుగా కనిపిస్తుంది. ఆ పోలిక కావాలంటే వేరే స్లైడు వేయండి.

అన్నిటికన్నా ప్రమాదం కోసేసిన కమ్మీ చార్టు. అంచు 10 లక్షల దగ్గర మొదలైతే, 11 లక్షల క్యూసెక్కుల పక్కన 13 లక్షల కమ్మీ మూడింతలు పొడుగ్గా నిలుస్తుంది. నిజంగా పెరిగింది ఐదో వంతు లోపే. కమ్మీలు ఎప్పుడూ సున్నా నుంచే మొదలవ్వాలి. మట్టం చూపే గీతకు ఆ నియమం అక్కర్లేదు, 11 నుంచి 18 అడుగుల దాకా చూపితే చాలు.

సమావేశానికి ముందు స్లైడును హాలు చివరి కుర్చీలోంచి ఒకసారి, ఫోనులో ఒకసారి చూడండి. చదవలేకపోతే అక్షరం పెంచండి, చోటు చాలకపోతే విషయం తగ్గించండి. వచ్చే సమీక్షకు ధవళేశ్వరం స్లైడుతోనే మొదలుపెట్టండి.