ఎక్కడికని అడగకుండా

ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళని ‘ఎక్కడికి?’ అని అడగొద్దని మా అత్తమ్మ ఎప్పుడూ అంటుంది. ఆ మాట మొన్న ఒక ఉత్తరం దిద్దేటప్పుడు పనికొచ్చింది.

మా ఆడబిడ్డ ఇక్కడే మర్రిగూడ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. అక్కడ లెక్కలు చెప్పే మేడం దసరా సెలవులకు ముందే మానేస్తున్నానని చెప్పిందట. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. “వదినా, నువ్వు తెలుగు బీఏ చదివినవు గదా, జర ఇది చూడు” అని మా ఆడబిడ్డ తను రాసిన కాగితం చేతికిచ్చింది.

‘ఎందుకు వెళ్తున్నారో తెలియదు గానీ, ఆరోగ్యం జాగ్రత్త’ అని మొదలుపెట్టింది. ఫ్లోరైడ్ నీళ్ళతో కీళ్ళు పట్టేసినవాళ్ళను చూసిన ఊళ్ళు మావి. ఎవరు పని మానినా ముందు ఒంట్లో బాగాలేదేమో అనుకుంటాం. కానీ అది మన ఊహ. ఆమె బాగానే ఉంటే, తన వెనక ఏం మాట్లాడుకుంటున్నారో ఆ మాటతో తెలిసిపోతుంది. ‘తెలియదు గానీ’ అన్నది కూడా ప్రశ్నే, గుర్తు పెట్టలేదంతే. ఆ తర్వాత ‘మంచి ఉద్యోగం దొరికినందుకు సంతోషం’ అని రాసింది. ఒకవేళ వాళ్ళే మానెయ్యమని ఉంటే ఆ మాట పుండు మీద కారమే కదా!

అందుకే ఒక్కో వాక్యాన్ని మూడుసార్లు చదవమన్నాను. ఆమె శుభకార్యానికి వెళ్తోందనుకుని ఒకసారి, ఇంట్లో కష్టమనుకుని ఒకసారి, మాటపడి వెళ్తోందనుకుని ఒకసారి. మూడింట్లో ఎక్కడ గుచ్చుకున్నా కొట్టెయ్యమన్నాను. ఎనిమిది వాక్యాల్లో రెండు మిగిలాయి.

“మరి ఏం రాయాలె?” అంది. కారణం తెలియదు, కానీ మనిషి తెలుసు కదా! ఆమె గురించి ఏం గుర్తుందో అడిగి, అదే రాయించాను.

‘మేడం, మీరు చింతగింజలు కుప్పలు పోసి ఎక్కాలు నేర్పడం చూసి నేనూ మా క్లాసులో అట్లనే చెప్తున్నాను. మా బాబుకు జ్వరమొచ్చిన రోజు మీరు నా క్లాసు కూడా చూసుకున్నారు. అది మరిచిపోను. నా నంబరు అదే, ఎప్పుడు మాట్లాడాలనిపించినా చెయ్యండి. దీనికి జవాబు రాయనక్కర్లేదు. పోయి రండి.’

“ఏం అడగకపోతే పట్టించుకోలేదనుకుంటదేమో వదినా?” అంది. నాకలా అనిపించదు. చెప్పుకోవాలనుంటే నంబరు ఉంది, ఒంటరిగా కలిసినప్పుడు చెప్పుకోవచ్చు. కాగితం మీది ప్రశ్న అలా కాదు. అది ఇంట్లో ఎవరి చేతికైనా పోతుంది, ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటుంది. అందుకే స్టాఫ్ గ్రూపులో కూడా పెట్టొద్దని, మడిచి చేతికే ఇమ్మన్నాను.

మేడం అక్కడే నిలబడి చదువుకుని బ్యాగులో పెట్టుకుందట. కారణం ఆమె చెప్పలేదు, మా ఆడబిడ్డ అడగలేదు. ఇద్దరూ బస్సు వచ్చేదాకా పిల్లల ముచ్చట్లు చెప్పుకున్నారట.