గేమ్ పెట్టెలో రెండో డ్రైవ్: ముందు స్కేలుతో కొలవండి

ప్లేస్టేషన్ 5 లో జాగా చాలడం లేదు, లోపల ఇంకో డ్రైవ్ వేసుకోవచ్చా అని రూముల్లో చాలామంది అడుగుతున్నారు. వేసుకోవచ్చు. 2021 సెప్టెంబరులో వచ్చిన అప్‌డేట్ నుంచి సోనీ ఈ వీలు కల్పించింది. పాత లాప్‌టాప్‌లో తీసిన ఏ డ్రైవ్ అయినా చెల్లుతుందని మాత్రం అనుకోకండి. అది ఎం.2 రకం, ఎన్‌వీఎంఈ, నాలుగో తరం అయి ఉండాలి. చదివే వేగం సెకనుకు 5,500 మెగాబైట్లు, ఆ పైన ఉండాలని సోనీ సలహా. ఈ అంకె డబ్బా మీద రీడ్ అన్న చోట చూడండి.

వేగం అందరూ చూస్తారు, ఎత్తు ఎవరూ చూడరు. డ్రైవ్ వేడెక్కుతుంది కాబట్టి హీట్‌సింక్ తప్పనిసరి. అయితే హీట్‌సింక్‌తో కలిపి మొత్తం మందం 11.25 మిల్లీమీటర్లు మించకూడదు, వెడల్పు 25 దాటకూడదు. మా రూము తమ్ముడొకడు డ్రైవ్ ఒకచోట, హీట్‌సింక్ ఇంకోచోట బేరం చేశాడు. షాపులోనే పిల్లల స్కేలుతో కొలిస్తే రెండూ కలిపి 15 వచ్చింది. అది డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు సరిపోతుంది గానీ ఇందులో మూత పడదు. తిరిగిచ్చి, హీట్‌సింక్ అతికించి ఉన్న 1 టీబీ డ్రైవే తీసుకున్నాడు. విడిగా కొన్నవాళ్లు మెత్తటి ప్యాడ్ రెండు వైపులా ఉండే పల్చటి పొర ఒలవడం మరిచిపోకండి. పొర ఉంటే వేడి హీట్‌సింక్‌లోకి పోదు.

బిగించేటప్పుడు పెట్టెను రెస్ట్ మోడ్‌లో కాదు, పూర్తిగా ఆపి, వైర్లన్నీ పీకి, చల్లారనివ్వండి. పక్క ప్యానెల్ తీసి, స్లాట్ మూత మీది స్క్రూ విప్పండి. లోపల చిన్న స్క్రూ, దాని కింద ఉంగరంలాంటి స్పేసర్ ఉంటాయి. మామూలుగా దొరికే డ్రైవ్ పొడవు 80 మిల్లీమీటర్లు, కాబట్టి స్పేసర్‌ను 80 అని ఉన్న రంధ్రంలోకి మార్చండి. డ్రైవ్‌ను ఏటవాలుగా గాడిలోకి చివరిదాకా తోసి, పడుకోబెట్టి, స్క్రూ బిగించండి. బలం చూపించే పని కాదిది. స్లాట్ మూత తిరిగి పెట్టాల్సిందే.

పెట్టె ఆన్ చేయగానే Format M.2 SSD అనే తెర దానంతట అదే రావాలి. రాకపోతే ఎక్కువసార్లు డ్రైవ్ గాడిలో పూర్తిగా కూర్చోలేదని అర్థం, ఆపి మళ్లీ చూడండి. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. ఇంటి ఫోటోలున్న పాత డ్రైవ్ అయితే ముందే వేరేచోట దాచుకోండి. ఫార్మాట్ అయ్యాక చదివే వేగం తెర మీద కనిపిస్తుంది, 5,500 కంటే తక్కువైతే కొన్ని ఆటలు సరిగా ఆడకపోవచ్చు. తర్వాత సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కు వెళ్లి, కొత్త ఆటలు ఎక్కడ పడాలో Installation Location లో ఎంచుకోవచ్చు. ఉన్న ఆటలను మళ్లీ డౌన్‌లోడ్ చేయక్కర్లేదు, అక్కడి నుంచే కొత్త డ్రైవ్‌లోకి మార్చుకోవచ్చు. మీరు ఆడిన సేవ్‌లు మాత్రం పెట్టె సొంత స్టోరేజ్‌లోనే ఉంటాయి.