సంక్రాంతి 14నా, 15నా? లెక్క ఫిబ్రవరి 29 దగ్గర ఉంది

 పోస్టు కొంచెం పొడుగే. తీరిక చూసుకొని చదవండి.

మన సంఘం క్యాలెండర్ అచ్చుకు ఇచ్చే ముందు ప్రతిసారీ జనవరి పేజీ దగ్గరే ఆగిపోతున్నాం. సంక్రాంతి 14న వేయాలా, 15న వేయాలా? 2024లో 15న చేసుకున్నాం. 2025లో, 2026లో 14న చేసుకున్నాం. 2027లో మళ్లీ 15 వస్తోంది. రోజుకూలీ మీద నడిచే ఇంట్లో ఇది చిన్న సంగతి కాదు. ఊరికి టికెట్ తీయాలి, సేటును సెలవు అడగాలి, తేదీ తప్పితే ఒక రోజు కూలీ పోతుంది. అందుకే మీటింగులో గొంతులు లేస్తాయి. పెద్దవాళ్లు "ఇంగ్లీషోడు లీపు దినాలు ఎగ్గొట్టిండు, అందుకే మన పండుగ జరుగుతున్నది" అంటారు. పిల్లలేమో "మన పంచాంగమే తప్పు కాకా, ఎప్పటికీ 14 అని వేసెయ్యరాదూ" అంటారు.

క్యాలెండర్ పని చూసే మేము ఈ రెండు మాటలనూ ఒప్పుకోవడం లేదు. ఎవరి లెక్కా తప్పు కాదు. రెండు లెక్కలు రెండు వేర్వేరు వాటిని కొలుస్తున్నాయి, అంతే.

మొదట ఇంగ్లీషు క్యాలెండర్ సంగతి చూద్దాం. ఒక వసంతం నుంచి మళ్లీ వసంతం రావడానికి సుమారు 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు పడుతుంది. ఆ 5 గంటల 49 నిమిషాలను ఆరు గంటలనుకుని, నాలుగేళ్లకు ఒక రోజు కలపడం రోమన్ల కాలం నుంచి నడిచింది. ఆరు గంటలు నాలుగుసార్లయితే ఒక రోజు, లెక్క సులువు. కానీ ఏడాదికి 11 నిమిషాలు ఎక్కువ కలుపుతున్నాం. చిట్టీలో నెలకు పది రూపాయలు ఎక్కువ కట్టినట్టు, మొదట్లో ఎవరికీ తెలియదు. వందేళ్లకు అది దాదాపు 18 గంటల 43 నిమిషాలవుతుంది. 1582 నాటికి పది రోజులు పోగుపడ్డాయి. పగలు, రాత్రి సమానంగా ఉండే వసంతకాలపు రోజు మార్చి 21కి బదులు మార్చి 11కే వచ్చేస్తోంది. అప్పుడు పోప్ పదమూడో గ్రెగరీ ఆ పది రోజులు కొట్టేయించాడు. ఆ ఏడాది అక్టోబర్ 4 మర్నాడు అక్టోబర్ 15 అయ్యింది.

కొట్టేస్తే పాత బాకీ తీరింది. మళ్లీ పోగుపడకుండా ఏం చేయాలి? ఇక్కడే ఆ 400 లెక్క వస్తుంది. వందేళ్లకు 18 గంటల 43 నిమిషాలు ఎక్కువవుతోంది కదా, వందేళ్లకోసారి ఫిబ్రవరి 29 తీసేద్దాం అనుకోండి. తీసేది నిండుగా 24 గంటలు. అంటే 5 గంటల 17 నిమిషాలు ఎక్కువ కోసేసినట్టు. నాలుగు వందల ఏళ్లలో అలా నాలుగుసార్లు కోస్తే, ఎక్కువ కోసింది 21 గంటలు దాటుతుంది, దాదాపు ఒక రోజు. అందుకని మూడుసార్లు తీసేసి నాలుగోసారి వదిలేయాలి. 1700, 1800, 1900 సంవత్సరాలకు ఫిబ్రవరి 29 లేదు. 2000కు ఉంది. 2100, 2200, 2300కు ఉండదు, 2400కు ఉంటుంది. ఇంత చేసినా నాలుగు వందల ఏళ్లకు మూడు గంటల కంటే కాస్త తక్కువ తేడా మిగులుతుంది. అది ఒక రోజు కావడానికి మూడు వేల ఏళ్లు దాటాలి, అప్పటి క్యాలెండర్ కమిటీ చూసుకుంటుంది.

మన గల్లీకి సంబంధించిన ముచ్చట ఒకటి. ఫోరస్ అనే మాట పోర్చుగీసు వాళ్ల భూమిశిస్తు పేరు నుంచి వచ్చింది. ఆ పోర్చుగీసు వాళ్లు 1582లోనే కొత్త క్యాలెండర్ పెట్టుకున్నారు. తర్వాత బొంబాయి ఇంగ్లీషు వాళ్ల చేతికి వచ్చింది. వాళ్లు పోప్ మాట వినేదేమిటని 1752 దాకా పాత క్యాలెండరే నడిపారు. అంటే దొర మారగానే ఈ ఊరి దఫ్తర్లలో తేదీ పది రోజులు వెనక్కి పోయిందన్నమాట. 1752లో తప్పక దారికి వచ్చేసరికి పది కాదు, పదకొండు రోజులు కొట్టేయాల్సి వచ్చింది. కొత్త క్యాలెండర్ వదిలేసిన 1700 ఫిబ్రవరి 29ని వాళ్లు ఉంచుకోవడమే దానికి కారణం.

ఇక మన సంక్రాంతి. ఇది వసంతాన్ని, చలికాలాన్ని చూసి పెట్టింది కాదు. సూర్యుడు మకరరాశిలోకి వచ్చే క్షణం అది, నక్షత్రాలను గుర్తుగా పెట్టుకున్న లెక్క. సూర్యుడు ఒక నక్షత్రం దగ్గర బయలుదేరి మళ్లీ అదే నక్షత్రం దగ్గరికి రావడానికి సుమారు 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు పడుతుంది. ఋతువుల ఏడాది కంటే ఇది 20 నిమిషాలు పెద్దది. భూమి ఇరుసు బొంగరం తల ఊపినట్టు చాలా నెమ్మదిగా తిరగడం వల్ల ఈ తేడా వస్తుంది. సరిగ్గా ఆరు గంటలను మధ్యలో పెట్టి చూడండి. నక్షత్రాల ఏడాది దానికి 9 నిమిషాలు పైన ఉంది, ఋతువుల ఏడాది 11 నిమిషాలు కింద ఉంది. పంచాయితీ అంతా ఈ 9 దగ్గర, 11 దగ్గరే ఉంది.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. వివేకానందుడు పుట్టింది 1863 జనవరి 12న, ఆ రోజు మకర సంక్రాంతి. 160 ఏళ్ల తర్వాత 2023లో సూర్యుడు మకరంలోకి వచ్చింది జనవరి 14 రాత్రి, దాదాపు తొమ్మిది గంటలకు. రెండు రోజులు జరిగింది. ఎలా? ఏడాదికి 9 నిమిషాల చొప్పున 160 ఏళ్లకు 24 గంటలు, అది ఒక రోజు. రెండో రోజు 1900లో వచ్చింది. ఆ ఏడాది ఫిబ్రవరి 29 లేదు కాబట్టి, తర్వాతి జనవరిలో సంక్రాంతి ఒక్కసారిగా ఒక తేదీ ముందుకు దూకింది. మన పెద్దవాళ్లు "ఎగ్గొట్టిండు" అనేది ఈ దూకుడునే. కానీ అది ఎగ్గొట్టడం కాదు, పోగుపడిన 11 నిమిషాల బాకీని ఒకేసారి తీర్చడం. ఋతువుల ప్రకారం చూస్తే సంక్రాంతి ఏటా 20 నిమిషాలు జరుగుతూనే ఉంది. అందులో 9 నిమిషాలు తేదీల్లో మెల్లగా కనిపిస్తాయి, మిగతా 11 శతాబ్దం మలుపులో ఒకేసారి కనిపిస్తాయి.

2000లో మాత్రం ఫిబ్రవరి 29 వచ్చింది, దూకుడు రాలేదు. అందుకే మనలో ఎవరూ దాన్ని కళ్లారా చూడలేదు. 400 నియమం లేకుండా ప్రతి వందేళ్లకూ తీసేసే పద్ధతి ఉండి ఉంటే, 2026 సంక్రాంతి 15న వచ్చేది. 2100లో దూకుడు వస్తుంది. అప్పటి నుంచి మన మనవళ్ల సంఘంలో గొడవ 15నా, 16నా అని జరుగుతుంది.

మరి ఏడాదికి ఏడాది 14, 15 మారడం ఏమిటి? అది లీపు ఏడాది ఆట. 2024లో సూర్యుడు మకరంలోకి వచ్చింది 15 తెల్లవారుజామున మూడుకు కాస్త ముందు. ఆ ఫిబ్రవరిలో 29 వచ్చింది కాబట్టి 2025లో అది 14 ఉదయం తొమ్మిదికి వెనక్కి జరిగింది. ఏటా ఆరు గంటలు కలుపుకుంటూ పోతే 2026లో 14 మధ్యాహ్నం మూడు దాటాక, 2027లో 14 రాత్రి తొమ్మిది దాటాక. పొద్దుగూకిన తర్వాత ప్రవేశిస్తే పండుగ మర్నాడు చేయాలని మన పంచాంగాలు చాలావరకు చెబుతాయి. అందుకే 2027లో 15. ఈ వరుస తెలిస్తే నాలుగేళ్ల ముందే టికెట్ తేదీ చెప్పొచ్చు. ఎప్పటికీ 14 అని వేసెయ్యమనే తమ్ముళ్లకు మా జవాబు ఇదే. అలా వేస్తే ఊర్లో అమ్మానాన్నలు 15న పొంగలి పెట్టే ఏడాది, మీరు 14న తిని అదే రాత్రి బండెక్కి తిరిగి వచ్చేస్తారు.

కానీ పెద్దవాళ్లను కూడా ఒక మాట అడగాలి. మన క్యాలెండర్లో సంక్రాంతి గడి కింద "ఈ రోజు నుంచి పగలు పెరుగుతుంది" అని ఏళ్లుగా వేస్తున్నాం. అది ఇప్పుడు నిజం కాదు. సుమారు 1700 ఏళ్ల కింద నిజమే, అప్పుడు సూర్యుడు ఉత్తరానికి మళ్లడం, మకరంలోకి రావడం ఒకే కాలంలో జరిగేవి. ఏడాదికి 20 నిమిషాల చొప్పున దూరమై ఇప్పుడు మధ్యలో 24 రోజులు వచ్చాయి. సూర్యుడు మళ్లేది డిసెంబర్ 21న లేదా 22న. 400 నియమం పుణ్యమా అని అది ఆ తేదీలను అంటిపెట్టుకునే ఉంటుంది.

నమ్మకపోతే చాళీ డాబా మీద చూసుకోవచ్చు. మీటరు పొడవు కర్రను నిటారుగా నిలబెట్టండి. బొంబాయిలో డిసెంబర్ 21న నడిమధ్యాహ్నం, అంటే గడియారంలో 12:37 ప్రాంతంలో, నీడ సుమారు 91 సెంటీమీటర్లు ఉంటుంది. ఏడాది మొత్తంలో మధ్యాహ్నపు నీడ అంతకంటే పొడుగు కాదు. సంక్రాంతి నాడు 12:48 ప్రాంతంలో కొలవండి, 85 దగ్గర వస్తుంది. అంటే పండుగ వచ్చేసరికే సూర్యుడు ఉత్తరానికి చాలా దూరం వచ్చేశాడు. కర్ర వంకరగా ఉంటే లెక్క చెడుతుంది, తాపీ మేస్త్రీల ఇళ్లల్లో తూకంగుండు దొరక్కపోదు.

కార్తెల సంగతీ ఇంతే. మృగశిర కార్తె ఇప్పుడు జూన్ 7, 8 తేదీల్లో వస్తోంది. రెండు వందల ఏళ్ల కింద మనవాళ్లు రాళ్లు మోయడానికి, ఇళ్లు కట్టడానికి ఈ ఊరికి వచ్చిన కాలంలో, వానల లెక్క ప్రకారం చూస్తే అది మూడు రోజులు ముందే వచ్చేది. మూడు రోజులు విత్తనానికి పెద్ద తేడా కాదు, వానే వారం అటూ ఇటూ వస్తుంది. వెయ్యేళ్లకు మాత్రం రెండు వారాలవుతుంది, అప్పుడు సామెతలు మార్చుకోవాల్సిందే.

ఈ చిక్కు ప్రభుత్వానికీ తెలుసు. మేఘనాథ్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన కమిటీ ఋతువులను పట్టుకుని నడిచే శక క్యాలెండర్ తయారుచేసింది, 1957 మార్చి 22 నుంచి అది అమల్లో ఉంది. శక సంవత్సరానికి 78 కలిపి, ఇదే నాలుగు, వంద, నాలుగు వందల లెక్క వేసి లీపు తేలుస్తారు. గెజెట్ మీద ఆ తేదీ కనిపిస్తుంది. పండుగలు మాత్రం పంచాంగం దగ్గరే ఉండిపోయాయి. ఉండనివ్వండి అనే మేమూ అంటాం.

కాబట్టి వచ్చే క్యాలెండర్‌కు మేము అడుగుతున్నది రెండు మార్పులు. జనవరి గడిలో పండుగ తేదీతో పాటు సూర్యుడు మకరంలోకి వచ్చే గంట, నిమిషం కూడా వేయాలి. ఉత్తరాయణ పుణ్యకాలం అన్న మాట సంక్రాంతి గడిలోనే ఉంచి, "పగలు పెరగడం మొదలు" అన్న వాక్యాన్ని డిసెంబర్ పేజీకి మార్చాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు అచ్చుకు పోయే ముందే చెప్పండి. అచ్చయ్యాక స్టిక్కర్లు అంటించే పని మళ్లీ మా ఆడవాళ్ల మీదే పడుతుంది.