బిట్‌కాయిన్ పుట్-కాల్ రేషియో 0.69.. పెరుగుతుందనా? పడుతుందనా? చార్ట్ ట్రేడర్లు పొరబడేది ఇక్కడే!

2024 డిసెంబర్ 27.. శుక్రవారం మధ్యాహ్నం 1:30 గంటలు. మన టైమ్ ప్రకారం సరిగ్గా ఆ నిమిషానికి డెరిబిట్ ఎక్స్ఛేంజ్‌లో దాదాపు 14 బిలియన్ డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఆప్షన్స్ ఎక్స్‌పైరీ అయ్యాయి. మన లెక్కలో సుమారు 1.2 లక్షల కోట్ల రూపాయలు. అప్పటికి అదే అతిపెద్ద ఎక్స్‌పైరీ.

దానికి ముందు వారమంతా క్రిప్టో ట్రేడర్ల గ్రూపుల్లో ఒకటే నంబర్ తిరిగింది. పుట్-కాల్ రేషియో 0.69. 'కాల్స్ ఎక్కువ ఉన్నాయి కాబట్టి బిట్‌కాయిన్ పైకే' అని కొందరు. 'పుట్స్ కూడా భారీగానే ఉన్నాయి, జాగ్రత్త' అని ఇంకొందరు. నంబర్ ఒక్కటే, అర్థాలు రెండు. మరి ఎవరు కరెక్ట్?

ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తే సమాధానం దొరుకుతుంది. ఎక్స్‌పైరీ సమయానికి బిట్‌కాయిన్ 96 వేల డాలర్ల దరిదాపుల్లో ఉంది. జనవరి మొదటి వారంలో లక్షా 2 వేలు దాటింది. జనవరి 13న 90 వేల కిందకు జారింది. మళ్లీ వారం తిరిగేసరికి, జనవరి 20న ట్రంప్ ప్రమాణ స్వీకారం రోజు, లక్షా 9 వేల దగ్గర కొత్త రికార్డు కొట్టింది. అంటే పైకి అన్నవాళ్లూ కరెక్టే, కిందకి అన్నవాళ్లూ కరెక్టే. మధ్యలో స్టాప్‌లాస్ తగిలి బయటపడ్డవాళ్లకే నష్టం.

అసలీ రేషియో ఏం కొలుస్తుంది?

ధర పెరిగితే లాభం ఇచ్చేది కాల్. పడితే లాభం ఇచ్చేది పుట్. మొత్తం పుట్‌లను మొత్తం కాల్స్‌తో భాగిస్తే వచ్చేదే పుట్-కాల్ రేషియో. 0.69 అంటే ప్రతి 100 కాల్స్‌కు 69 పుట్స్ ఉన్నాయన్నమాట. ఇంతవరకు సింపుల్.

నిఫ్టీ ఆప్షన్స్ చూసే అలవాటున్న హైదరాబాద్, విజయవాడ ట్రేడర్లు చాలామంది ఇక్కడే తడబడతారు. నిఫ్టీలో 1 అనే నంబర్‌ను మధ్య గీతలా పెట్టుకుని చూస్తారు. అదే గీతను బిట్‌కాయిన్‌కు కూడా పెట్టేస్తారు. కానీ బిట్‌కాయిన్‌లో 'పెరిగితే భారీగా పెరుగుతుంది' అనే ఆశతో కాల్స్ కొనేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. అందుకే ఇక్కడ రేషియో 1 కంటే కింద ఉండటం మామూలు విషయం. దాన్ని చూసి మార్కెట్ బుల్లిష్ అనుకోవడం తొందరపాటే అవుతుంది. దాని గత కొన్ని వారాల నంబర్‌తో పోలిస్తేనే ఏమైనా తెలుస్తుంది.

కొన్నది ఎవరు? అమ్మింది ఎవరు?

అసలు మ్యాటర్ ఇక్కడే ఉంది. ప్రతి కాల్ వెనుక కొన్నవాడు ఒకడుంటాడు, అమ్మినవాడు ఒకడుంటాడు. రేషియోలో ఇద్దరూ ఒకే కాంట్రాక్ట్‌గా కనిపిస్తారు. ఎవరు ముందుకొచ్చి ట్రేడ్ చేశారన్నది నంబర్ చెప్పదు.

ఉదాహరణకు ఒక ఫండ్ దగ్గర వెయ్యి బిట్‌కాయిన్లు ఉన్నాయనుకుందాం. వాటిని అమ్మే ఉద్దేశం లేదు. ఖాళీగా ఉంచడం ఎందుకని పై ధర దగ్గర కాల్స్ అమ్మి ప్రీమియం జేబులో వేసుకుంటుంది. దీన్నే కవర్డ్ కాల్ అంటారు. ఈ ట్రేడ్‌తో కాల్స్ సంఖ్య పెరిగింది, రేషియో తగ్గింది. బయట నుంచి చూసేవాళ్లకు 'అబ్బో, బుల్లిష్' అనిపిస్తుంది. కానీ ఆ ఫండ్ ఆలోచన ఏంటి? ధర అంతకు మించి వెళ్లదనే కదా.

పుట్‌ల విషయంలోనూ ఇంతే. ఒకరు తన దగ్గరున్న బిట్‌కాయిన్‌కు ఇన్సూరెన్స్‌లా పుట్ కొంటే అది భయం కాదు, ముందుజాగ్రత్త. చేతిలో కాయిన్ అలాగే ఉంది. ఇంకొకరు పుట్ అమ్మితే, ధర పడదని నమ్మి అమ్మినట్టు. రెండు సందర్భాల్లోనూ రేషియో పెరుగుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రేషియోను రెండు రకాలుగా లెక్కిస్తారు. ఒకటి ఓపెన్ ఇంట్రెస్ట్‌తో, అంటే ఇంకా క్లోజ్ కాకుండా ఉన్న మొత్తం కాంట్రాక్టులతో. రెండోది ఆ రోజు జరిగిన వాల్యూమ్‌తో. ఓపెన్ ఇంట్రెస్ట్‌లో ఎప్పుడో నెలల కిందట కొని వదిలేసినవి కూడా ఉంటాయి. బిట్‌కాయిన్ 96 వేల దగ్గర ఉండగా, రెండు రోజుల్లో ముగిసే లక్షా 20 వేల స్ట్రైక్ కాల్‌కు దాదాపు విలువ ఉండదు. దాన్ని క్లోజ్ చేసే ఓపిక కూడా ఎవరికీ ఉండదు. కానీ రేషియోలో మాత్రం అది నిండు కాంట్రాక్ట్‌గానే లెక్కలోకి వస్తుంది. అందుకే పెద్ద ఎక్స్‌పైరీ ముందు రోజుల్లో కనిపించే ఓపెన్ ఇంట్రెస్ట్ రేషియో పాత ఆశలను చూపిస్తుంది, ఇవాళ్టి మూడ్‌ను కాదు. ఇవాళ్టి మూడ్ కావాలంటే వాల్యూమ్ రేషియో చూడాలి. అయితే అది ఒక్క పెద్ద ట్రేడ్‌తోనే తలకిందులవుతుంది.

ఇంప్లైడ్ వొలటిలిటీ: దిశ చెప్పదు, దూరం చెబుతుంది

మరి చార్ట్ చూసేవాళ్లకు ఆప్షన్స్ మార్కెట్ నుంచి పనికొచ్చేది ఏదీ లేదా? ఉంది. అదే ఇంప్లైడ్ వొలటిలిటీ. ఆప్షన్‌కు జనం ఎంత ధర కడుతున్నారో చూసి, ముందు ముందు బిట్‌కాయిన్ ఎంత ఊగుతుందని మార్కెట్ అనుకుంటోందో వెనక్కి లెక్కగట్టిన నంబర్ ఇది. పైకా కిందకా అన్నది ఇందులో ఉండదు.

డెరిబిట్ 2021లో దీనికోసం ఒక ఇండెక్స్ తెచ్చింది. స్క్రీన్ మీద DVOL అని కనిపిస్తుంది. వచ్చే 30 రోజుల అంచనాను ఏడాది శాతంగా చూపిస్తుంది. మన ఇండియా విక్స్ లాంటిదే. కాకపోతే ఇండియా విక్స్ మామూలు రోజుల్లో 20 లోపే ఉంటే, ఇది అంతకంటే చాలా పైన తిరుగుతుంది.

దీన్ని రోజువారీ కదలికగా మార్చడం ఈజీ. బిట్‌కాయిన్ మార్కెట్ 365 రోజులూ నడుస్తుంది కాబట్టి, DVOL నంబర్‌ను 365కి వర్గమూలంతో, అంటే సుమారు 19తో భాగించాలి. DVOL 60 ఉందనుకుందాం. 60ని 19తో భాగిస్తే 3 శాతం పైచిలుకు. బిట్‌కాయిన్ 96 వేల దగ్గర ఉంటే రోజుకు దాదాపు 3 వేల డాలర్లు అటూ ఇటూ ఊగడం మామూలే అని మార్కెట్ చెబుతోందన్నమాట.

ఇప్పుడు చార్ట్ దగ్గరకు రండి. 95 వేల దగ్గర సపోర్ట్ కనిపించింది, దాని కింద 94,500 దగ్గర స్టాప్‌లాస్ పెట్టారు అనుకుందాం. 96 వేల నుంచి అది 1,500 డాలర్ల దూరం. మార్కెట్ అంచనా వేస్తున్న ఒక్కరోజు ఊపులో సగమే. అంటే మీ సపోర్ట్ తప్పు కాకపోయినా స్టాప్‌లాస్ తగిలే చాన్స్ బాగా ఎక్కువ. స్టాప్ దూరం పెంచి, క్వాంటిటీ తగ్గించుకోవాలా? లేక ట్రేడ్ వదిలేయాలా? ఈ నిర్ణయానికి పుట్-కాల్ రేషియో ఏమాత్రం సాయం చేయదు. DVOL చేస్తుంది.

ఇదే నంబర్‌ను 30 రోజులకు లెక్కిస్తే సుమారు 17 శాతం. 96 వేల నుంచి చూస్తే కింద 79,500, పైన 1,12,500. మూడింట రెండొంతుల అవకాశంతో ధర ఈ హద్దుల్లో ముగుస్తుందని అర్థం. ఇప్పుడు పైన చెప్పుకున్న జనవరి కదలికలను గుర్తు తెచ్చుకోండి. 90 వేల కింద నుంచి లక్షా 9 వేల వరకు.. అంతా ఈ హద్దుల లోపలే జరిగింది. దిశ మీద వాదనలు ఎన్ని జరిగినా, దూరం మీద ఈ లెక్క నిలబడింది. అయితే ప్రతిసారీ నిలబడుతుందని కాదు. మూడింట ఒకసారి హద్దు దాటడం కూడా ఈ లెక్కలోనే ఉంది.

ధర పెరిగినా కాల్‌లో నష్టం ఎలా?

వొలటిలిటీని పట్టించుకోకపోతే జరిగే నష్టం కూడా చూద్దాం. పెద్ద ఈవెంట్ ముందు ఆప్షన్స్ ధరలు ఉబ్బుతాయి. ఈవెంట్ అయిపోగానే అనిశ్చితి తగ్గి, ధరలు చప్పబడతాయి.

బిట్‌కాయిన్ 96 వేలు, వొలటిలిటీ 60 ఉన్నప్పుడు అదే స్ట్రైక్ దగ్గర 30 రోజుల కాల్ కొంటే, ఒక బిట్‌కాయిన్ కాంట్రాక్ట్‌కు సుమారు 6,600 డాలర్లు అవుతుంది. మర్నాడు ఈవెంట్ ముగిసింది. బిట్‌కాయిన్ ఒక శాతం పెరిగింది కూడా. కానీ వొలటిలిటీ 60 నుంచి 50కి దిగింది. ఇప్పుడు ఆ కాల్ ధర? సుమారు 5,900 డాలర్లు. చార్ట్ చదవడం కరెక్ట్, దిశ కరెక్ట్.. అయినా 700 డాలర్లు పోయాయి. 'నేను చెప్పినట్టే పెరిగింది కదా, డబ్బులు ఎందుకు పోయాయి?' అని కొత్త ట్రేడర్లు అడిగే ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

మరి భయాన్ని ఎక్కడ చూడాలి?

నిజంగా మార్కెట్ మూడ్ తెలుసుకోవాలంటే కాంట్రాక్టుల సంఖ్య కన్నా వాటి ఖరీదు చూడటం మేలు. ప్రస్తుత ధరకు పైన ఒక కాల్, కింద ఒక పుట్ తీసుకోవాలి. రెండూ లాభంలోకి వచ్చే అవకాశం దాదాపు సమానంగా ఉండాలి. వాటిలో దేని ఇంప్లైడ్ వొలటిలిటీ ఎక్కువ? పుట్‌ది ఎక్కువైతే, పడిపోవడం నుంచి రక్షణకు జనం అదనంగా డబ్బు కడుతున్నారని అర్థం. కాల్‌ది ఎక్కువైతే, పరుగును మిస్ కాకూడదనే ఆత్రం. ట్రేడర్లు దీన్ని స్క్యూ అంటారు. రేషియోలాగా పాత, చచ్చిన కాంట్రాక్టులు దీన్ని పాడుచేయలేవు, ఎందుకంటే ఇది ఇప్పుడు పలుకుతున్న ధర నుంచి వస్తుంది.

ఇంకో మాట. షేర్ మార్కెట్‌లో వొలటిలిటీ పెరిగిందంటే సాధారణంగా భయమే. బిట్‌కాయిన్‌లో అలా కాదు. ధర రాకెట్‌లా లేచినప్పుడు కూడా వొలటిలిటీ పెరుగుతుంది. కాబట్టి DVOL పెరగ్గానే 'పానిక్' అని హెడ్డింగ్ పెట్టేయకుండా, స్క్యూ ఎటు ఒరిగిందో కూడా చూడాలి. DVOL పెరిగి, పుట్స్ ఖరీదైతే అది భయం. DVOL పెరిగి, కాల్స్ ఖరీదైతే అది ఆశ.

డిసెంబర్ 27 కథకు చివరి ముక్క కూడా ఉంది. ఆ ఎక్స్‌పైరీకి 'మ్యాక్స్ పెయిన్' 85 వేల డాలర్ల దరిదాపుల్లో ఉందని, ధరను అక్కడికి లాగేస్తారని ప్రచారం జరిగింది. ఆప్షన్స్ కొన్నవాళ్లకు అత్యధిక నష్టం వచ్చే ధరనే మ్యాక్స్ పెయిన్ అంటారు. డెరిబిట్‌లో సెటిల్‌మెంట్ ధర చివరి అరగంట సగటుతో, అంటే మన టైమ్ 1 నుంచి 1:30 మధ్య లెక్కిస్తారు. ఆ అరగంటలో బిట్‌కాయిన్ 90 వేల పైనే ఉంది. 85 వేలకు షార్ట్ టార్గెట్ పెట్టుకున్నవాళ్లకు అది అందనే లేదు.

కాబట్టి వచ్చే పెద్ద ఎక్స్‌పైరీ ముందు మళ్లీ ఏదో ఒక రేషియో వైరల్ అయితే, అది ఓపెన్ ఇంట్రెస్ట్‌దా, వాల్యూమ్‌దా అని ముందు అడగండి. ఆ తర్వాత DVOLను 19తో భాగించి, మీ స్టాప్‌లాస్ ఆ దూరానికి లోపల ఉందో బయట ఉందో చూసుకోండి. మన దేశంలో క్రిప్టో లాభాలపై 30 శాతం పన్ను ఉంది, ఒక ట్రేడ్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో దాంట్లో లాభంతో సర్దుకునే వీల్లేదు. అనవసరంగా తగిలే ప్రతి స్టాప్‌లాస్ ఇక్కడి ట్రేడర్‌కు మరింత ఖరీదు.