44 గుర్తున్నవారికి 47 గుర్తులేదా?

ఉమ్మడి పౌరస్మృతి ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ రాజ్యాంగంలోని 44వ అధికరణను మన ముందుంచుతారు. అది ఆదేశిక సూత్రం. ఈ సూత్రాలు పరిపాలనకు మూలాధారాలే గాని, ఏ న్యాయస్థానమూ వీటిని అమలు చేయించజాలదని 37వ అధికరణ స్పష్టం చేసింది. ఈ పరిమితి 44కు ఎంత వర్తిస్తుందో, ప్రజారోగ్యాన్ని రాజ్యం ప్రాథమిక కర్తవ్యాలలో చేర్చిన 47కూ అంతే వర్తిస్తుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాల తరబడి మనుషుల ఎముకలు వంగిపోయాయి. ఆ పల్లెవాసులు 47ను మాత్రమే పట్టుకొని కోర్టుకెక్కలేరు. జీవించే హక్కును చెప్పే 21వ అధికరణ తలుపు తట్టవలసిందే. ఒకే అధ్యాయంలోని రెండు సూత్రాలలో ఒకటి మనపై ఆజ్ఞగా, రెండవది మరచిపోయిన మాటగా ఎలా మారింది?

ప్రాథమిక విధుల సంగతీ ఇంతే. 1976లో 42వ సవరణ వీటిని చేర్చింది. చట్టం తోడు లేనిదే ఏ విధీ దానంతటది శిక్ష విధించదు. జాతీయగీతం వేళ గౌరవంగా నిలబడి, మత విశ్వాసం కారణంగా పాడని కేరళ విద్యార్థులను బడి నుంచి తొలగించడం చెల్లదని 1986లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. కనుక విధుల పట్టిక చూపి ఒకరి పౌరసత్వాన్ని శంకించేవారికి చట్టంలో ఆధారం లేదు.

పౌరసత్వం మాత్రం కోర్టులు తేల్చగల విషయం. అక్కడ చూసేది భక్తిని కాదు, తేదీలను, కాగితాలను. విదేశీయుడన్న ఆరోపణ వస్తే, కాదని నిరూపించుకోవలసిన భారం ఆరోపణకు గురైనవారిపైనే పడుతుంది. పాలమూరు నుంచి వలసపోయిన కూలి దంపతులకు 1990లో ముంబైలో ఒక ఆడపిల్ల పుట్టిందనుకుందాం. 1987 జూలై 1కి ముందు పుట్టినవారికి ఈ నేలపై జననమే చాలు. ఆమె ఆ తేదీ తరువాత పుట్టింది గనుక, తల్లిదండ్రులలో ఒకరు పౌరులని కూడా చూపాలి. తండ్రి 1960లో నారాయణపేటలో పుట్టినట్లు రుజువైతే ఆ షరతు తీరుతుంది. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారికి నియమం మరింత బిగిసింది: తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై, రెండవవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి.

2020 మార్చి 16న తెలంగాణ శాసనసభ పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా తీర్మానించింది. అది హర్షణీయమే. కాని పౌరసత్వం కేంద్ర జాబితాలోని అంశం. తీర్మానం ఏ ఒక్కరి దస్త్రాన్నీ కాపాడదు. జనన నమోదు పుట్టినచోటే ఉంటుంది, సొంత ఊరిలో కాదు. ఏడాది దాటినా మెజిస్ట్రేటు ఉత్తర్వుతో నమోదు చేయించుకోవచ్చు.

మన సంఘాలు ఆ ఉత్తర్వుల కోసం కుటుంబాల వెంట నడవాలి. 44 అని గర్జించేవారిని మాత్రం మర్రిగూడ నీళ్ల దగ్గర నిలబెట్టి 47 గురించి అడగాలి.