అకౌంట్ ఫ్రీజ్ అయిందా? ముందు ఫిర్యాదు నంబర్ అడగండి

ఒక బట్టల దుకాణం అనుకుందాం. కస్టమర్ యూపీఐలో రూ.4,500 పంపి రెండు సూట్లు తీసుకెళ్లాడు. వారం తర్వాత దుకాణదారు అకౌంట్‌లో ఉన్న రూ.1,80,000 మొత్తం ఆగిపోయింది. ఎందుకంటే ఆ 4,500 వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి లాగిన సొమ్ము. బాధితుడు 1930కి ఫిర్యాదు చేస్తే, డబ్బు వెళ్లిన ప్రతి అకౌంట్‌నూ వరసగా ఆపిస్తారు.

బ్యాంకుకు వెళ్తే "మా చేతిలో ఏం లేదు, పోలీసులు చెప్పాలి" అంటారు. అది చాలావరకు నిజమే. అయినా ఊరికే తిరిగి రాకండి. ఫిర్యాదు నంబర్, పోలీస్ స్టేషన్ పేరు, వివాదంలో ఉన్న మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడగండి.

తర్వాత ఆ స్టేషన్ దర్యాప్తు అధికారికి ఈమెయిల్ పెట్టండి. బిల్లు, కస్టమర్‌తో వాట్సాప్ చాట్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఆధార్ కాపీ జత చేయండి. రూ.4,500 మీద మాత్రమే హోల్డ్ ఉంచి, మిగతాది వదలమని కోరండి. ఇలాంటి కేసుల్లో వివాదంలో ఉన్న మొత్తాన్నే ఆపాలని పలు హైకోర్టులు చెప్పాయి.

జవాబు రాకపోతే? బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 106 కింద ఆపిన పోలీసులు ఆ విషయం వెంటనే మేజిస్ట్రేట్‌కు తెలపాలి. వకీలు ద్వారా ఆ మేజిస్ట్రేట్ కోర్టులోనే సెక్షన్ 503 కింద పిటిషన్ వేయొచ్చు.

ఒక జాగ్రత్త. ఎవరో ఫోన్ చేసి "ఆ 4,500 నాకు పంపితే కేసు తీసేస్తా" అంటే పంపకండి. అలా డబ్బు పంపితే అకౌంట్ తెరుచుకోదు.